రాఘవరావు రామయ్య అయిన చోట

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందున్న ఫుట్‌పాత్ మాత్రం తెరిచిన పుస్తకంలా ఉంటుంది. పాత పుస్తకాల గుట్టల్లో ఇంజనీరింగ్ గైడ్ల కింద, అట్ట ఊడిన డిటెక్టివ్ నవలల మధ్య, అప్పుడప్పుడూ ఒక ఉర్దూ పుస్తకం తేలుతుంది. కిషన్ చందర్ ‘జబ్ ఖేత్ జాగే’ చేతికందితే మటుకు బేరమాడకుండా తీసుకోవాలి. ‘మా భూమి’ సినిమా పుట్టింది ఆ నవల నుంచే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కథ దాదాపు ఒకటే అయినా అర్థం ఎంత దూరం జరగగలదో తెలుస్తుంది.

నవల 1952 నాటిది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని విరమించి అప్పటికి ఏడాదైనా సరిగా కాలేదు. కథ జైలు గదిలో మొదలవుతుంది. ఇరవై రెండేళ్ల రాఘవరావుకు అది చివరి రాత్రి, తెల్లవారితే ఉరి. సంకెళ్లలో ఉన్న ఆ కుర్రాడు తన బతుకును మొదటి నుంచి తలపోసుకుంటాడు. ఊళ్లో వెట్టి, దొరల దౌర్జన్యం, చంద్రి మీద ప్రేమ, పట్నంలో రిక్షా తొక్కిన రోజులు, యూనియన్ పరిచయం, మళ్లీ ఊరు, పోరాటం... అన్నీ ఆ ఒక్క రాత్రి గుండానే మనకు చేరతాయి.

ఈ అమరిక చేసే పని గమనించండి. ముగింపు మొదటి పేజీలోనే తెలిసిపోయింది కాబట్టి “తర్వాత ఏమవుతుంది” అన్న ఆత్రం పాఠకుడికి ఉండదు. ఆ ఆత్రం ఉండాల్సిన చోట “ఈ చిన్న బతుకు తూకానికి ఎంత తూగింది” అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. ప్రతి జ్ఞాపకం మీదా ఉరికొయ్య నీడ పడుతుంది. కనుక నవల ఒక మనిషి తన బతుకుకు తానే చెప్పుకునే లెక్క. ఆ రోజుల్లో అది కేవలం కల్పన కూడా కాదు. పోరాటంలో పట్టుబడిన 12 మంది రైతులకు నిజంగానే ఉరిశిక్షలు పడ్డాయి. దేశదేశాల్లో ఆందోళన జరిగాకే అవి యావజ్జీవ శిక్షలయ్యాయి. ఆ నవలను అప్పుడు చదివినవాళ్లకు ఉరితాడు నిన్నటి పేపర్లోని వార్త.

సినిమా 1980లో విడుదలైంది. దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ, కథాచిత్రం తీయడం అదే మొదలు. అంతకుముందు బెంగాల్ ఆకలి మీద డాక్యుమెంటరీ తీశాడు. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. వీళ్లు చేసిన అతిపెద్ద మార్పు జైలు గదిని తీసేయడం. కథ ఊళ్లో పిల్లవాడిగా ఉన్న రామయ్యతో, అంటే నవలలోని రాఘవరావుతో, మొదలై, నడిచిన వరుసలోనే నడుస్తుంది.

ఉరి అప్పటికి పాతబడిన విషయమని తీసేశారా అంటే, అలా అనుకోవడానికి వీల్లేదు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న, భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఇదే నగరంలోని ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. సినిమా నాటికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అయినా సినిమా ఆ బలమైన చట్రాన్ని వదులుకుంది. ఫలితంగా ప్రశ్న మారిపోయింది. ముగింపు ముందే తెలియని ప్రేక్షకుడు రామయ్యతోపాటే అడుగు వేస్తాడు. వెట్టి చేసే తండ్రిని పిల్లవాడి కళ్లతో చూస్తాడు, దొర గడీ ముందు తలవంచి నిలబడతాడు. “ఈ బతుకు విలువెంత” అన్నది పోయి “ఈ భూమి ఎవరిది” అన్నది మిగులుతుంది.

పేరులోనూ అదే జరిగింది. ‘పొలాలు మేల్కొన్నప్పుడు’ అన్న అర్థమున్న ఉర్దూ పేరు దూరం నుంచి చూసి మెచ్చుకునే కవి మాట. ‘మా భూమి’ హక్కుదారు మాట. పైగా ఆ పేరుకు ముందే ఒక చరిత్ర ఉంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని 1940లలో ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. సినిమా ఆ నాటకం తెరరూపం కాదు కానీ, పేరు వినగానే అది గుర్తొచ్చే తరం అప్పటికి థియేటర్లలో ఉంది.

నాయకుడి పేరు మార్పు ఇంకా సూక్ష్మమైనది. కిషన్ చందర్ ఉత్తరాది నుంచి బొంబాయి చేరిన రచయిత. వెట్టి చేసే పేద ఇంటి పిల్లవాడికి రాఘవరావు అని పేరు పెట్టాడు. తెలంగాణ పల్లెలో ఆ రోజుల్లో అలాంటి ఇంటివాడిని ‘రావు’ అని పిలిచేవాళ్లెవరు? ఆ తోక దొరల పేర్లకుండేది. రామయ్య అనగానే మనిషి తన ఇంట్లోకి, తన వాడలోకి వచ్చి పడ్డాడు. భాష కూడా ఆ వాడదే. నవలలో అందరూ ఉర్దూలోనే, రచయిత కవితాత్మక గొంతులోనే మాట్లాడతారు. సినిమాలో పల్లె తెలంగాణ తెలుగు మాట్లాడింది. అప్పటి తెలుగు సినిమాల్లో ఆ యాస ఎక్కువగా నవ్వించడానికే వినపడేది. ఇక్కడ అది ఏడ్చింది, ఎదురు తిరిగింది.

పోయిందీ ఉంది. నవలలోని రాఘవరావుకు లోపల ఒక గొంతు ఉంది. తన భయాన్ని, ప్రేమను, తండ్రిని తానే తర్కించుకుంటాడు. సాయిచంద్ పోషించిన రామయ్య తక్కువ మాట్లాడతాడు, అతని మనసులో ఏముందో ముఖం చూసి ఊహించుకోవాలి. చంద్రి వ్యవహారంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆమె దొరకు లొంగిపోవాల్సి రావడం నవలలో ఒక ప్రేమికుడు జీవితాంతం మోసే జ్ఞాపకం. సినిమాలో అది అతన్ని ఊరు దాటించే సంఘటన. జ్ఞాపకానికి మళ్లీ మళ్లీ తిరిగొచ్చే వీలుంది. సంఘటన ఒక్కసారి జరిగి వెనకబడిపోతుంది.

ఆ లోటును సినిమా పాటతో పూడ్చింది. సుద్దాల హనుమంతు రాసిన పశువుల కాపరి పిల్లవాడి పాట, గొంగడి కప్పుకుని కర్ర పట్టి గద్దర్ పాడిన యాదగిరి పాట, రెండూ నవలలో లేనివే. సినిమా కోసం కట్టిన బాణీలు కావవి, పోరాటకాలంలో జనం నోట నానినవి. నవలలో ఒక మనిషి తనలో తాను అనుకున్నది ఇక్కడ ఊరంతా గొంతెత్తి పాడింది. లోపలి గొంతు ‘నేను’ అంటే, పాట ‘మేము’ అంది.

చివరికి ముగింపు. నవల తెల్లవారి ఉరికొయ్య దగ్గర ఆగుతుంది, చంపేది చట్టం. సినిమా 1948 సెప్టెంబర్ పోలీసు చర్యలోకి నడుస్తుంది. నిజాం పోయాడు, కానీ పంచుకున్న భూమి మీదికి సైన్యం వచ్చింది, దాని నీడలో దొరతనం తిరిగొచ్చింది. రామయ్య పోరులో నేలకొరుగుతాడు, పోరు ఆగదు. ఉరి ఒక మనిషి కథకు చుక్క పెడుతుంది. సినిమా పెట్టింది కామా. నక్సల్బరీ, శ్రీకాకుళం చూసిన తరానికి ఆ కామా కావాల్సి వచ్చింది.

ఏ నవలనైనా దాని సినిమాతో పోల్చేటప్పుడు కలిసిన సన్నివేశాలు, తప్పిన సన్నివేశాలు లెక్కపెడితే చేతికి జాబితా వస్తుంది, అంతే. కథ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారు, ఎవరి గొంతుతో చెప్పారు, ఎక్కడ ఆపారు అన్నవి చూస్తే అర్థం ఎటు జరిగిందో పట్టుబడుతుంది.

పుస్తకం చంకన పెట్టుకుని అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిస్తే పావుగంట. స్టేషన్ ముందు ఆటోలవాళ్లు కేకలేస్తుంటారు. రాఘవరావు, రామయ్య ఇద్దరూ ఈ నగరపు రోడ్ల మీదే రిక్షా లాగారు. ఒకడు జైలు గదిలో పడుకుని దాన్ని తలుచుకున్నాడు. రెండోవాడు మన కళ్లముందే తొక్కుకుంటూ పోయాడు.