ముగ్గురిలో ఎవరు కట్టాలి?

ఇంగ్లీషు ఒప్పందంలో ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ కనబడిందంటే, అనువాదంతో పాటు క్లయింటుకు కవరింగ్ లెటర్ కూడా రాయక తప్పదని నాకు తెలిసిపోతుంది. ఆ మధ్య వచ్చిన లీజు ఒప్పందంలోనూ అదే జరిగింది. గుంటూరు దగ్గర ముగ్గురు అన్నదమ్ముల గోడౌను. అద్దెకు తీసుకునేది బెంగళూరు కంపెనీ. అడ్వాన్సు 9 లక్షలు. గోడౌను ఖాళీ చేసిన 30 రోజుల్లోగా ఓనర్లు దాన్ని వాపసు ఇవ్వాలి, ఆ బాధ్యత వాళ్లకు ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ ఉంటుంది అని 11వ క్లాజు. అన్నదమ్ములు చదువుకుని సంతకం పెట్టడానికి తెలుగు ప్రతి కావాలన్నారు.

దస్తావేజుల్లో దీనికి అలవాటైన మాట ఉంది: ‘ఉమ్మడిగాను, విడివిడిగాను’. లాయర్లకూ దస్తావేజు లేఖర్లకూ అందులో తికమకేమీ లేదు. చిక్కల్లా చదవబోయే అన్నదమ్ములతోనే. హోటల్లో బిల్లు విడివిడిగా కట్టామంటే ఎవరు తిన్నదానికి వాళ్లు కట్టామనేగా అర్థం! ఆ లెక్కన వాళ్లు 9 లక్షల్ని మూడు పెట్టి భాగించి, తలా 3 లక్షలిస్తే తీరిపోతుందనుకుంటారు.

క్లాజు ఉద్దేశం దాదాపు దీనికి తలకిందులు. కంపెనీ ముగ్గురినీ కలిపి అడగొచ్చు, లేదా చేతిలో డబ్బున్న ఒక్కరినే పట్టుకుని మొత్తం 9 లక్షలూ రాబట్టుకోవచ్చు. వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను చెప్పేదీ ఇదే. అలా కట్టినవాడు తర్వాత మిగతా ఇద్దరి దగ్గరా చెరో 3 లక్షలు వసూలు చేసుకోవాలి. ఇద్దరిలో ఒకడు చేతులెత్తేస్తే ఆ నష్టం మిగిలిన ఇద్దరిమీదా సమానంగా పడుతుంది, అంటే చెరో నాలుగున్నర లక్షలు.

అందుకని తెలుగులో ఇలా రాశాను: ‘ఈ అడ్వాన్సు మొత్తాన్ని తిరిగి చెల్లించే బాధ్యత ఓనర్లు ముగ్గురికీ కలిపి ఉంటుంది, వారిలో ప్రతి ఒక్కరికీ కూడా పూర్తి మొత్తానికి ఉంటుంది. కంపెనీ ముగ్గురినీ గానీ, వారిలో ఏ ఒక్కరిని గానీ, పూర్తి మొత్తం చెల్లించమని అడగవచ్చు.’ పాత మాట ఉంచి, పక్కన ‘అనగా’ అని వివరణ చేర్చేవాళ్లూ ఉన్నారు. నాకది నచ్చదు. రేపు తగాదా వస్తే, మాట ఒకటి చెబుతోంది, వివరణ ఇంకొకటి చెబుతోందని వాదించడానికి సందు దొరుకుతుంది.

ఇక ఉత్తరం. అవతల చదివే కంపెనీ లీగల్ ఆఫీసరుకు తెలుగు రాదు. ఆయన ఎవరి చేతనో దీన్ని మళ్లీ ఇంగ్లీషులోకి చేయిస్తాడు. మూడు మాటలు రెండు వాక్యాలయ్యాయేమిటి, సొంతంగా ఏం కలిపారు అని అడుగుతాడు. ఆ ప్రశ్న రాకముందే జవాబు చేతిలో ఉండాలి. క్లాజు నంబరు వేసి, మూలంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాను. మాటకు మాట పెడితే తెలుగు చదువరి తలా 3 లక్షలని అర్థం చేసుకునే ప్రమాదం ఉందని అంకెతో సహా చెప్పాను. కింద నా రెండు వాక్యాలకూ మక్కీకి మక్కీ ఇంగ్లీషు పెట్టాను. మొత్తం, గడువు, బాధ్యుల పేర్లు ఏవీ మారలేదని చివర రాశాను. అంతా కలిపి అర పేజీ. ‘తెలుగులో ఇలా రాస్తేనే సహజంగా ఉంటుంది’ లాంటి మాట మాత్రం రాయను. సహజత్వం కోసం ఒప్పందంలో చెయ్యి పెట్టాడంటే ఏ లాయరైనా ఉలిక్కిపడతాడు.

అన్నదమ్ముల మధ్య వసూళ్ల లెక్క క్లాజులోకి తేలేదు. అది చట్టంలో ఉంది గానీ మూలంలో లేదు. చదివేవాళ్లకు ఉపయోగమే, కానీ చెప్పాల్సింది వాళ్ల లాయరు.

ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని చివర క్లాజు ఉందిగా, ఇంత శ్రమెందుకు అని ఫోన్లో అడిగారు లీగల్ ఆఫీసరు. ‘సార్, వాళ్లు సంతకం పెట్టేది తెలుగు చదివి. తలా 3 లక్షలని నమ్మి సంతకం పెట్టామని రేపు కోర్టులో అంటే, ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో మీ లాయరే చెప్పాలి’ అన్నాను.

రెండ్రోజులకు వాళ్ల లాయరు నుంచి జవాబొచ్చింది. వాక్యాలు సరే, ‘గోడౌనులో ఎవరి వాటా ఎంతైనా’ అని కూడా చేర్చమన్నారు. మంచి మాటే, చదివేవాళ్ల అనుమానం పూర్తిగా తీరుతుంది. కానీ అది ఇంగ్లీషులో లేదు. ముందు అక్కడ చేర్చి పంపండి, ఆ తర్వాత తెలుగులో పెడతాను అని రాశాను. క్లాజు సవరించి పంపారు. ఒక్కొక్కరూ వాటాతో నిమిత్తం లేకుండా పూర్తి మొత్తానికి బాధ్యులని ఇప్పుడు ఇంగ్లీషులోనే విడమరిచి ఉంది. నా ఉత్తరంలో ఆ అర పేజీ నాలుగు లైన్లకు తగ్గింది.