పక్క తిప్పిన లెక్క

మంచం పట్టిన రోగి దగ్గర వేలాడే చార్టులో ఆరు, ఎనిమిది, పది, పన్నెండు అని గంటలు తు.చ. తప్పకుండా ఒకే పెన్నుతో రాసి ఉంటే నర్సుగా నాకు అనుమానమే. దుప్పటి తీసి చూస్తాను. కాగితం మీద ‘ఎడమ పక్క’ అని ఉంటుంది. రోగి వెల్లకిలా ఉంటాడు, వీపంతా దుప్పటి ముడతల అచ్చులు. ఆ చార్టు డ్యూటీ దిగే ముందు కూర్చుని నింపిందన్నమాట.

ఈ రెండు గంటల లెక్క వెన్ను దెబ్బతిన్న సైనికుల వార్డుల్లో పేరు తెచ్చుకుంది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు ఒత్తిడి పుండ్లు పడకుండా రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగులను పక్కకు తిప్పించాడు. 2013లో వెలువడిన ఒక అధ్యయనం అమెరికా, కెనడాల్లోని వృద్ధాశ్రమాల్లో రెండు, మూడు, నాలుగు గంటల వ్యవధులను పోల్చి చూస్తే పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే అక్కడ అందరికీ మంచి ఫోమ్ పరుపులు ఉన్నాయి. మన వార్డుల్లో రెగ్జిన్ తొడుగు కింద దూది అణగిపోయిన పరుపుకి ఆ నాలుగు గంటలు వర్తించవు. రెండు గంటలతో మొదలుపెట్టి, ఆ తర్వాత వ్యవధిని చర్మాన్ని చూసి తేల్చుకోవాలి.

ఎర్రవల్లి నుంచి పక్షవాతంతో వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. కుడి చెయ్యి, కుడి కాలు కదలవు, ఆ వైపు స్పర్శ కూడా తక్కువ. ఎడమ పక్క రెండు గంటలు, వెల్లకిలా రెండు గంటలు, కుడి పక్క ఒక గంట అని రాసుకున్నాం. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. అందుకే వీపు వెనక దిండు పెట్టి ముప్పై డిగ్రీలే వాల్చాం. పిక్కల కింద మరో దిండు పెట్టి మడమలను గాలిలో ఉంచాం. మడమ కింద నుంచి కాగితం అడ్డు లేకుండా జారితే దిండు సరిగ్గా ఉన్నట్టు. జరపాల్సి వచ్చినప్పుడు ఇద్దరం దుప్పటి అంచులు పట్టి ఎత్తేవాళ్లం. ఈడిస్తే పైచర్మం పరుపుకి అంటుకుని ఆగిపోతుంది, లోపలి కండ మాత్రం కదిలి సన్నని రక్తనాళాలు మెలిపడతాయి.

పది గంటలకు వెల్లకిలా నుంచి తిప్పినప్పుడు నడుము కింద, పిరుదుల మధ్య ఎముక మీద చెయ్యి వేశాను. చామనచాయ ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనబడదు. వేలితో నొక్కి వదిలితే మంచి చర్మం పాలిపోయి మళ్లీ రంగు తిరుగుతుంది. ఇక్కడ రంగు మారలేదు. చుట్టుపక్కల కంటే వేడిగా, కాస్త గట్టిగా తగిలింది. అరగంట తర్వాత చూసినా అంతే. పైన తోలు చెక్కుచెదరకపోయినా అది పుండుకి మొదటి దశ.

అదే మాట చార్టులో రాసి, వెల్లకిలా అనే వంతు కొట్టేశాం. ఇక ఎడమ, కుడి పక్కలే. తిండి పెట్టేటప్పుడు తలవైపు ఎత్తక తప్పదు, లేకపోతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి, కిందికి జారకుండా చూసి, ఆ తర్వాతే తల ఎత్తాం. తిన్నాక అరగంటకు దించాం.

రాత్రి ఆయన భార్య అడ్డం వచ్చింది. “ఇప్పుడే కన్నంటుకుంది బిడ్డా, మల్ల లేపుతరా?”

“లేపం పెద్దమ్మా, దిండు తీసి ఇవతల పెడతం, అంతే” అన్నాను.

నెత్తిన బిందె కింద పెట్టుకునే సుట్టబట్ట చుట్టి ఆయన నడుము కింద పెట్టబోయింది. వద్దన్నాను. ఆ చుట్టు అంచు ఒత్తి, నడుమ భాగానికి రక్తం అందనివ్వదు. కొబ్బరినూనె పోసి మర్దన చేయడమూ అంతే, ఒత్తిడికి నలిగిన కండను ఇంకా నలిపినట్టే. మూడో రోజుకి ఆ చోట వేడి తగ్గింది, వేలికి రంగు మారడం మొదలైంది. అప్పుడే వెల్లకిలా వంతును, అదీ గంటసేపే, తిరిగి చేర్చాం.

ఎంత తిప్పినా కొందరికి పుండు పడుతుంది. తోలు ఊడినా, ఊదా రంగు తేలినా, నల్లబడినా చార్టుతో సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించాల్సిందే.

ఇంటి దగ్గర మంచం పట్టినవాళ్లు ఉంటే నోటు పుస్తకంలో ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: టైము, ఏ పక్క, చేతికి ఏం తగిలింది, తిప్పింది ఎవరు. మూడో గడి ఖాళీగా ఉంటే, మిగతా మూడూ నిండి ఉన్నా ఆ వంతు తిప్పలేదనే లెక్క వేయండి.