దీవెనకు దిశ ఉంది: సికింద్రాబాదు కుటుంబ గ్రూపుల్లో తెలుగు, ఇంగ్లీషు శుభాకాంక్షలు

తెలుగు దీవెన పైనుంచి కిందికి ప్రవహిస్తుంది. పుట్టినరోజునాడు పిల్లవాడు తలంటు పోసుకొని, కొత్తబట్టలు కట్టుకొని పెద్దల కాళ్ళకు నమస్కరిస్తే, వారు అక్షింతలు వేసి "నూరేళ్ళు చల్లగా వర్ధిల్లు" అంటారు. ఆ వాక్యాన్ని పిల్లవాడు పెద్దలకు తిప్పి చెప్పడు. తాతగారి పుట్టినరోజైనా వంగి నమస్కరించేది మనవడే, దీవించేది తాతగారే. ఇంగ్లీషులోని 'హ్యాపీ బర్త్‌డే'కు ఈ దిశ లేదు. దాన్ని ఎవరైనా ఎవరికైనా చెప్పవచ్చు. భిన్నమైన ఈ రెండు పద్ధతులు ఇప్పుడు వాట్సాప్ కుటుంబ గ్రూపుల్లో ఒకే తెర మీద, ఒకే ఉదయాన, ఒకరి మాట కింద ఇంకొకరి మాటగా కనిపిస్తున్నాయి. ఈ దృశ్యాన్ని తెలుగు క్షీణతకు గుర్తుగా చూపడం పరిపాటి అయింది. అయితే ఆ సందేశాలను వాక్యనిర్మాణం దగ్గర నిలిచి చదివితే, ఇంగ్లీషు వచ్చి చేరిన చోట్లలో కొన్ని తెలుగు మౌనంగా వదిలిన చోట్లేనని తెలుస్తుంది.

సికింద్రాబాదు ఈ పరిశీలనకు అనువైన ఊరు. మూడవ నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలసిన ఈ కంటోన్మెంటు పట్టణాన్ని స్థానికులు ఇప్పటికీ లష్కర్ అంటారు. సైన్యం, రైల్వే, మిషనరీ బడులు ఉన్న ఊరు కావడంతో ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఇంగ్లీషు పలకరింపులు చేతిఫోన్లతో వచ్చినవి కావు. అంతకుముందే కేకు, కొవ్వొత్తి, 'మెనీ హ్యాపీ రిటర్న్స్' మాట ఇంట్లోకి వచ్చి ఉన్నాయి. ఫోను చేసిందల్లా వాటిని అమ్మమ్మ దీవెన పక్కన అచ్చులో నిలపడమే.

కింద చర్చించే సందేశాల వరుస ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. ఇటువంటి గ్రూపుల్లో నిత్యం కనిపించే వాక్యాలను ఒక సందర్భం చుట్టూ కూర్చినది. మారేడుపల్లిలోని ఒక ఇంటి పెద్దకూతురికి యాభై రెండేళ్ళు నిండాయి. రెండేళ్ళ కిందట ఆమె భర్త చనిపోయారు. ఉదయం ఆరింటికి తల్లి గొంతు సందేశంగా వస్తుంది: "చల్లగా ఉండు తల్లీ." తరువాత తమ్ముడు `Happy birthday akka` అని రాస్తాడు. మరదలు తెలుగు లిపిలో "హ్యాపీ బర్త్‌డే వదినా, మీరెప్పుడూ ఇలాగే నవ్వుతూ ఉండాలి" అంటుంది. మరిది గులాబీల బొమ్మ మీద "జన్మదిన శుభాకాంక్షలు" అని ముద్రించిన చిత్రాన్ని పంపుతాడు. డల్లస్‌లో ఉన్న మేనల్లుడు `Many more happy returns atta` అంటాడు. సాయంత్రానికి ఆమె అందరికీ కలిపి `Thank you all` అని జవాబిస్తుంది.

తల్లి మాటతో మొదలుపెట్టాలి. ఆ వాక్యంలో ఉన్నదానికంటే లేనిది ముఖ్యం. వివాహితకు పెద్దలు ఇచ్చే వాడుక దీవెన "దీర్ఘ సుమంగళీ భవ", లేదా దాని తెలుగు రూపమైన "పసుపు కుంకుమలతో పది కాలాలు చల్లగా ఉండు." అందులో స్త్రీ ఆయుష్షు భర్త ఆయుష్షు మీదుగా కోరబడుతుంది. భర్త పోయాక ఆ దీవెన ఆమెకు వర్తించదు. దానికి బదులుగా నిలబడే మరో పూర్తి వాక్యాన్ని సంప్రదాయం సిద్ధంగా ఉంచలేదు. ఆ తల్లి ముప్పై ఏళ్ళు వాడిన వాక్యంలోని మొదటి భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని చెబుతోంది. వినేవారందరికీ ఆ కోత వినిపిస్తుంది. "తల్లీ" అన్న పిలుపు ఆ ఖాళీని కొంత పూడుస్తుంది, పూర్తిగా కాదు.

తమ్ముడి ఇంగ్లీషును ఈ నేపథ్యంలో చదవాలి. 'హ్యాపీ బర్త్‌డే'కు సుమంగళి, పూర్వసుమంగళి అన్న తేడా తెలియదు. అక్క పెళ్ళికి ముందు, భర్త ఉన్నప్పుడు, పోయిన తరువాత కూడా అదే మాట అంతే నిండుగా చెప్పవచ్చు. ఈ మాటకు లోతు లేదన్నది నిజమే. ఆ లోతులేమే ఇక్కడ దాని మేలు. ఆమె జీవితంలో ఏం జరిగిందో అడగకుండా, ఆమె పుట్టిన సంగతిని మాత్రమే అది పండుగ చేస్తుంది. ఇంగ్లీషు పలకరింపు పొడిగా ఉంటుందని అనేవారు ఆ మాటను పుచ్చుకునేవారి వైపునుంచి కూడా చూడవలసి ఉంది.

మేనల్లుడి సందేశం ఇంకో లోటును బయటపెడుతుంది. అత్త దీర్ఘాయుష్షు కోరడానికి అతనికి తెలుగులో సిద్ధవాక్యం లేదు. "నూరేళ్ళు వర్ధిల్లు" అంటే చిన్నవాడు పెద్దను దీవించినట్టవుతుంది. "నమస్కారం అత్తా" అంటే కోరిక చెప్పినట్టు కాదు. అనువాదంలో పుట్టిన "ఇలాంటి పుట్టినరోజులు మరెన్నో జరుపుకోవాలని కోరుకుంటున్నాను" అన్న వాక్యం ఒకటి ఉంది. ఇది దిశ సమస్యను తప్పించుకుంటుంది కానీ మూల్యం చెల్లిస్తుంది. "చల్లగా ఉండు" అన్న వాక్యంలో చెప్పేవారు కనిపించరు. మాట నేరుగా ఎదుటివారిమీదికి పోతుంది. పాతభాషలో "గాక", "గాత" చేరిన ఆశీరర్థక రూపాలదీ అదే స్వభావం. జె.ఎల్. ఆస్టిన్ పరిభాషలో చెబితే, ఇవి పలకడమే పనిగా జరిగే మాటలు. "కోరుకుంటున్నాను"లో మాత్రం వాక్యం చివర చెప్పేవాడు ప్రత్యక్షమవుతాడు. దీవెన అతని కోరికను గురించిన సమాచారంగా మారుతుంది. మరదలి వాక్యం దీనికంటే మెరుగు. "నవ్వుతూ ఉండాలి" అన్నచోట ఆమె "కోరుకుంటున్నాను"ను వదిలేసింది. పెద్దను దీవించకుండా, తనను ముందుకు తెచ్చుకోకుండా ఆప్యాయతను పైకి పంపడానికి ఈ "-ఆలి" రూపం పనికివస్తోంది. వ్యాకరణాలు దీన్ని విధి, ఆవశ్యకతల కిందనే ఎక్కువగా చూపుతాయి. కుటుంబ గ్రూపులు దీన్ని శుభాకాంక్షగా స్థిరపరుస్తున్న తీరు గమనార్హం.

ఇక "శుభాకాంక్షలు." శుభ, ఆకాంక్ష పదాల సంధితో ఏర్పడిన ఈ మాట క్రియ లేకుండానే వాక్యమవుతుంది. నామపదం కాబట్టి దీనికీ దిశ లేదు. ఒక రకంగా ఇది తెలుగు దుస్తులు తొడుక్కున్న 'విషెస్.' దిశ లేకపోవడం ఇంగ్లీషు మాటకు మేలు చేసినట్టు దీనికి చేయకపోవడానికి కారణం ఇది ఇంట్లో నోటిమీద ఆడే మాట కాకపోవడం. ఇది వేదికల మీద, పత్రికా ప్రకటనల్లో, కూడళ్ళలోని ఫ్లెక్సీల మీద పెరిగింది. అందుకే మరిది పంపిన చిత్రం తెలుగులో ఉండి కూడా తమ్ముడి ఇంగ్లీషుకంటే దూరంగా వినిపిస్తుంది. ఈ దూరం పండుగ సందేశాల్లో మరీ స్పష్టం. "మీకు, మీ కుటుంబ సభ్యులకు సంక్రాంతి శుభాకాంక్షలు" అన్న వాక్యం కుటుంబ గ్రూపులోకే వస్తుంది. ఇంగ్లీషులోని 'యూ అండ్ యువర్ ఫ్యామిలీ'కి నకలైన ఈ మాటను సొంత అన్న తన తోబుట్టువులకు పంపినప్పుడు, ఆ కుటుంబ సభ్యులెవరో అతనే చెప్పాలి. సందేశం మరోచోటికి రాసినదని, ఇక్కడికి దారి మళ్ళిందని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఆనవాలు లేదు.

భాష ఏదైనా వెచ్చదనం ఎక్కడ ఉందో వెదికితే అది తరచు సంబోధనలో దొరుకుతుంది. `Happy birthday akka`లో మొదటి రెండు మాటలు అందరివీ, మూడోది అతనిది. ఇక్కడ రోమన్ లిపి ఒక ఇబ్బంది పెడుతుంది. "అక్కా" అని సాగే సంబోధన దీర్ఘం అందులో కనిపించదు. కొందరు `akkaaa` అని అక్షరాలు పెంచి ఆ దీర్ఘాన్ని తిరిగి తెచ్చుకుంటారు. అంతకంటే చిక్కైనది `Happy birthday nanna`. నాయనమ్మ తన మనవడికి ఇలా రాస్తుంది. పిల్లలను "నాన్నా", "అమ్మా" అని పిలవడం తెలుగు ముద్దు. ఇంగ్లీషులోనే పెరిగిన పిల్లవాడికి మాత్రం నాయనమ్మ తనను తండ్రి పేరుతో ఎందుకు పిలిచిందో బోధపడదు. వాక్యం మూడింట రెండు వంతులు అతని భాషలోనే ఉంది. ఆప్యాయత మిగిలిన ఒక వంతులో ఉండిపోయింది.

మాలినోవ్‌స్కీ 1923లో ప్రతిపాదించిన భావన ప్రకారం ఇటువంటి పలకరింపుల పని బంధాన్ని నిలపడమే, అర్థం అప్రధానం. పైన చూసిన వరుస ఈ రెండో మాటను అంగీకరించనివ్వదు. తల్లి ఏ మాట తీసేసిందన్నదే అక్కడ బంధం.

జవాబు దగ్గర నష్టం తెలుగుకే ఎక్కువ. పాత ఉత్తరాల్లో చివర "పెద్దలకు నమస్కారాలు, పిన్నలకు ఆశీస్సులు" అని రాసేవారు. ఒకే వాక్యం ఇంటిల్లిపాదినీ వారి వారి స్థానాల్లో పలకరించేది. `Thank you all` అందరినీ ఒక గుంపుగా చేస్తుంది. పైగా దీవెనకు కృతజ్ఞత చెప్పడం తెలుగు మర్యాద కాదు. దీవెనకు బదులు నమస్కారం. తల్లికి కూతురు థాంక్స్ చెబితే తల్లి ఇచ్చినది దీవెన కాక కానుక అయినట్టు ధ్వనిస్తుంది. గ్రూపులో ఉత్తరపు వాక్యం ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది. చదివేవారు అప్పటిలాగే ఇప్పుడూ అన్ని వయసులవారే.

పండుగల్లో లష్కర్‌కు సొంతమైన ఉదాహరణ బోనాలు. ఆషాఢంలో బోనాలు మొదట గోల్కొండలో ఆరంభమై, తరువాత ఒక ఆదివారం సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయంలో, ఆ పైన లాల్‌దర్వాజ మొదలైన పాతబస్తీ ప్రాంతాల్లో జరుగుతాయి. అన్ని పేటలకూ ఒకే రోజు కాని పండుగ ఇది. దీనికి వాడుకలో ఉన్న మాట శుభాకాంక్ష కాదు, పిలుపు: "ఆదివారం మా బోనాలు, అందరూ పొద్దుగాలనే రావాలె." ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, చుట్టాలు భోజనానికి కూర్చుంటారు. లాల్‌దర్వాజలో ఉన్నవారు లష్కర్ ఆదివారం ఇక్కడికి వస్తే, వారి ఆదివారం ఇక్కడివారు అక్కడికి పోతారు. `Happy Bonalu`, దాని తెలుగు నకలైన "బోనాల పండుగ శుభాకాంక్షలు" ఈ అమరికకు అతకవు. ఆ రోజు సగంమందికి పండుగ కాదు, చుట్టరికం. శుభాకాంక్ష చెప్పినవాడు రానక్కరలేదు. పిలుపు అందుకున్నవాడు రావాలి, లేదా రాలేనందుకు కారణం చెప్పాలి. ఇటువంటి గ్రూపుల్లో లష్కర్ బోనాలకు ముందటి శనివారం రెండు రకాల సందేశాలూ కనిపిస్తాయి. అమ్మవారి బొమ్మతో వచ్చిన శుభాకాంక్షకు కింద చేతులు జోడించిన గుర్తులు వరుసగా పడతాయి. "ఎంతమంది వస్తున్రు, బియ్యం నానబెట్టాలె" అన్న ఇంటావిడ ప్రశ్నకు మాత్రం ఎవరో ఒకరు పేరుతో, సంఖ్యతో జవాబు రాయక తప్పదు.