బిల్లులో తగ్గిన ధర, వెనక వచ్చే డెబిట్ నోటు

సరుకు అమ్మిన వ్యాపారి బిల్లులో రావలసిన దానికంటే తక్కువ ధర గానీ తక్కువ పన్ను గానీ వేస్తే, ఆ తేడా రాబట్టుకోవడానికి కొన్నవారి పేర రాసేది డెబిట్ నోటు. జీఎస్టీ చట్టం 34వ సెక్షన్‌లోని 3వ ఉపసెక్షన్ దీన్ని అమ్మినవారే రాయాలంటుంది. కామర్స్ పాఠ్యపుస్తకంలో డెబిట్ నోటంటే, కొన్నవారు సరుకు తిప్పి పంపుతూ అమ్మినవారికి రాసేది. వ్యాపారంలో ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. కానీ పన్ను లెక్క మారేది అమ్మినవారు రాసిన నోటుతోనే. కొన్నవారు ఎన్ని డెబిట్ నోట్లు రాసుకున్నా అవి ఇద్దరి మధ్య ఉత్తరప్రత్యుత్తరాల కిందే లెక్క.

ఈ వారం కాలమ్‌కు కారణం విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి ఒకరు ఏలూరులోని ఒక దుకాణానికి పంపిన నోటు. రెండే వరుసలు, రాసిన తీరు మాత్రం చక్కగా ఉంది. జూలై 18న 200 పీవీసీ పైపులు వెళ్లాయి. వాట్సాప్‌లో ఒప్పుకున్న ధర పైపుకు 450 రూపాయలు. బిల్లు కొట్టేటప్పుడు అది 405 అయింది. అప్పటి బిల్లులో సరుకు విలువ 81,000, దాని మీద 18 శాతం జీఎస్టీతో మొత్తం 95,580 రూపాయలు. నిజానికి సరుకు 90,000, పన్నుతో 1,06,200 కావాలి. తేడా 10,620. అందులో సరుకు ధర 9,000, సీజీఎస్టీ 810, ఎస్‌జీఎస్టీ 810. అక్టోబరు 6న రాసిన డెబిట్ నోటులో ఈ మూడు అంకెలూ విడివిడిగా ఉన్నాయి. కిందే అసలు బిల్లు నంబరు, తేదీ, ‘ధర పొరపాటు’ అన్న కారణం ఉన్నాయి.

విజయవాడ పుస్తకాల్లో దీని పద్దు తేలికే. ఏలూరు దుకాణం ఖాతాకు 10,620 డెబిట్. అమ్మకాల ఖాతాకు 9,000, చెల్లించవలసిన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఖాతాలకు చెరో 810 క్రెడిట్. ఏలూరు పుస్తకాల్లో ఇదే పద్దు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కొనుగోళ్లకు 9,000, ఇన్‌పుట్ పన్ను ఖాతాలకు చెరో 810 డెబిట్. విజయవాడ వ్యాపారి ఖాతాకు 10,620 క్రెడిట్. రెండు వైపులా పాత పద్దు చెరపరు. జూలై పద్దు జూలైలోనే ఉంటుంది, తేడా అక్టోబరులో దాని మీద చేరుతుంది.

చూడవలసినది ఆ మధ్య మూడు నెలలు. ఈ కాలమ్ చదివేవారికి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ ఉత్తరాల మీద ఇక్కడ ఉన్న పట్టుదల తెలిసిందే. నెలనెలా బాకీ అంకెను అవతలివారికి రాసి పంపాలి, వారి సంతకంతో తిరిగి తెప్పించుకోవాలి అని ఇక్కడ చాలాసార్లు చెప్పడం జరిగింది. ఈ కేసులోనూ ఆ ఉత్తరాలే దారి చూపాయని అనిపిస్తుంది. అది నిజం కాదు. ఆగస్టులో, సెప్టెంబరులో ఉత్తరాలు వెళ్లాయి, రెండు వైపులా అంకెలు పైసాతో సహా సరిపోయాయి. తప్పు బిల్లులోనే పుట్టింది కాబట్టి అమ్మినవారు తప్పు అంకెనే ఎక్కించారు, కొన్నవారూ ఆ బిల్లు చూసి అదే అంకె ఎక్కించారు. ట్రయల్ బ్యాలెన్స్ కూడా కుదిరింది, ఎందుకంటే ఒకవైపు బాకీదారు ఖాతా, మరోవైపు అమ్మకాల, పన్ను ఖాతాలు కలిపి సరిగ్గా ఒకే మొత్తం మేర తగ్గాయి. గోడౌన్‌లో లెక్కపెట్టినా దొరకదు. పైపులు 200 వెళ్లాయి, 200 రాశారు. బ్యాంకు స్టేట్‌మెంటులో 95,580 వచ్చింది, అది బిల్లుకు సరిగ్గా సరిపోయింది. పుస్తకంతో పుస్తకాన్ని ఎన్నిసార్లు పోల్చినా ఈ రకం తప్పు బయటపడదు.

అది బయటపడింది అరసంవత్సరం ముగిశాక తీసిన సరుకువారీ లాభనష్టాల రిపోర్టులో. ఆ సైజు పైపు కొన్న ధర 420. జూలై 18 వరుసలో 200 పైపుల మీద 3,000 రూపాయల నష్టం కనిపించింది. పక్క వరుసల్లో అదే పైపు మీద ఎక్కడా నష్టం లేదు. అప్పుడు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ తీసి చూశారు. డెబిట్ నోటు ఎక్కాక ఆ వరుసలో నష్టం పోయి 6,000 లాభం వచ్చింది.

ఇక్కడ పాత గుమాస్తాల చేతిలో ఉండిన ఒక పరీక్ష గుర్తు చేసుకోవాలి. తేడాను తొమ్మిదితో భాగించి శేషం రాకపోతే ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 450కీ 405కీ తేడా 45, దాన్ని తొమ్మిదితో భాగిస్తే 5. మొత్తం తేడా 10,620 కూడా అంతే: అంకెలన్నీ కూడితే 9, భాగిస్తే 1,180. కారణం సులువే. పదుల స్థానంలో ఉండవలసిన అంకె ఒకట్ల స్థానంలోకి వస్తే దాని విలువ పది రెట్ల నుంచి ఒక రెట్టుకు పడిపోతుంది, అంటే తొమ్మిది రెట్లు తగ్గుతుంది. 450లోని 5కు అలాగే జరిగింది: యాభై కాస్తా ఐదయింది, తేడా 45. రెండంకెలు ఒకదాని చోటికి ఒకటి మారినా, సున్నా ఒకటి జారినా తొమ్మిది గుణిజమే మిగులుతుంది. పెద్ద జాబితాలో ఈ పరీక్ష గంటల వెతుకులాట తగ్గిస్తుంది. అయితే ఇది గుర్తు మాత్రమే, రుజువు కాదు. ఏ తేడా అయినా తొమ్మిదింటిలో ఒకసారి ఊరికే తొమ్మిదితో భాగించబడుతుంది. పైగా ఏడు వందలు రాయవలసిన చోట నాలుగు వందలు రాస్తే ఈ పరీక్ష ఏమీ చెప్పదు. ఇక్కడ కొటేషన్ కూడా 450 అనే చెప్పింది కాబట్టి ఇది టైపు తప్పేనని తేలింది. ధర తర్వాత పెంచుకున్నది కాదు.

టైపు తప్పా, ధర పెంపా అన్నది తేలడం అవసరం, ఎందుకంటే వడ్డీ దాని మీద ఆధారపడుతుంది. చట్టం ప్రకారం డెబిట్ నోటు రాసిన నెల రిటర్నులోనే దాన్ని చూపాలి. అంటే అక్టోబరు జీఎస్టీఆర్-1లో, నవంబరు 11 లోపు. పన్ను జీఎస్టీఆర్-3బీతో నవంబరు 20 లోపు. కానీ 450 ధర జూలైలోనే ఖాయమైంది కనుక పన్ను అప్పుడే కట్టవలసింది అన్న ప్రశ్న వస్తుంది. జూలై పన్నుకు గడువు ఆగస్టు 20. అక్కణ్నుంచి నవంబరు 20 వరకు 92 రోజులు. 1,620 రూపాయల మీద ఏడాదికి 18 శాతం చొప్పున సుమారు 73 రూపాయల 50 పైసలు. ఈ చిన్న మొత్తాన్ని అడగకముందే కట్టేయడం మంచిది. పాత ఎక్సైజు చట్టం కింద, ధర తర్వాత పెరిగిన కేసులోనే మొదటి తేదీ నుంచి వడ్డీ కట్టాలని 2019లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి నుంచీ ఖాయమైన ధరను తప్పుగా కొట్టిన చోట వాదించడానికి ఇంకా తక్కువ చోటు ఉంటుంది. ఈ వడ్డీ విజయవాడ వ్యాపారి ఖర్చే, ఏలూరు దుకాణానికి దానితో సంబంధం లేదు.

ఏలూరు వైపు పన్నులో నష్టం లేదు. నవంబరు 14న తయారయ్యే జీఎస్టీఆర్-2బీలో ఆ నోటు కనబడితే 1,620 రూపాయల క్రెడిట్ తీసుకోవచ్చు. చేతికి కాగితం వచ్చినంత మాత్రాన, అమ్మినవారు రిటర్నులో చూపకుండా, క్రెడిట్ రాదు. అసలు దెబ్బ 9,000 దగ్గర ఉంది. ఆ దుకాణంలో ఆర్డరు పెట్టేది యజమాని, ధరల పట్టీ రాసేది కౌంటరులోని కుర్రాడు. అతను బిల్లు చూసి కొన్న ధర 405 అనుకుని పైపు 440కి అమ్మాడు. అక్టోబరు నాటికి 150 పైపులు పోయాయి, 50 మిగిలాయి. 150 పైపుల మీద 5,250 లాభమని పుస్తకం చెబుతూ వచ్చింది. డెబిట్ నోటుతో అది 1,500 నష్టంగా మారింది. కాబట్టి 9,000 మొత్తాన్ని సరుకు నిల్వ మీద వేయకూడదు. మిగిలిన 50 పైపులకు 45 చొప్పున 2,250 మాత్రమే నిల్వ విలువకు చేరాలి, 6,750 అమ్మిన సరుకు ఖర్చులోకి పోవాలి. ఇది తెలియక మొత్తం నిల్వకు కలిపితే మిగిలిన ఒక్కో పైపు విలువ 585 అవుతుంది. బజారులో ఆ పైపు ధరతో పోల్చగానే తప్పు కనిపిస్తుంది. పద్దు సరిచేసినా, మూడు నెలల కిందట పైపులు కొన్న రైతు దగ్గరికి వెళ్లి ఇంకో నలభై అయిదు ఇమ్మనడం కుదరదు. పద్దులో రెండు వైపులా సమానంగా కనిపించే నోటు, నిజంలో కొన్నవారి మీదే ఎక్కువ బరువు వేస్తుంది.

ఆలస్యమైన డెబిట్ నోటుకు గడువు ఉండాలని అడగాలనిపించేది ఇందుకే. క్రెడిట్ నోటుకు గడువుంది, గరిష్ఠంగా ఆ ఆర్థిక సంవత్సరం తర్వాత వచ్చే నవంబరు 30. డెబిట్ నోటుకు చట్టంలో అలాంటి గడువు లేదు. ఆలోచిస్తే అదే న్యాయం. గడువు పెడితే ఆ తర్వాత తప్పు తెలిసినవారు పన్ను తక్కువ కట్టామని తెలిసినా సరిచేసే దారి మూసుకుపోతుంది, కొన్నవారికి క్రెడిట్ దారీ మూసుకుపోతుంది. ఒకప్పుడు కొన్నవారికి ఆ రెండో కష్టం నిజంగానే ఉండేది: క్రెడిట్ గడువును అసలు బిల్లు సంవత్సరంతో లెక్కించేవారు. 2021 జనవరి 1 నుంచి ఆ ముడి తీసేశారు. ఇప్పుడు డెబిట్ నోటు రాసిన తేదీ ఏ ఆర్థిక సంవత్సరంలో పడితే ఆ సంవత్సరం లెక్క. 2025 మార్చి బిల్లుకు మే నెలలో నోటు వస్తే క్రెడిట్‌కు గరిష్ఠంగా 2026 నవంబరు 30 దాకా సమయం ఉంటుంది.

ఖాతాల లెక్క మాత్రం అలా కాదు. మార్చి బిల్లులో తప్పు మేలో బయటపడి, అప్పటికి ఆ ఏటి లెక్కలు ఖరారు కాకపోతే, తేడాను మార్చి 31 నాటి అమ్మకంగానే రెండు వైపులా చూపాలి. లెక్కలు సంతకమై పోతే, కొత్త సంవత్సరంలో గత కాలపు అంశంగా విడిగా చూపాలి. ఈ ఏటి అమ్మకాల్లో కలిపేస్తే ఈ ఏటి లాభశాతం చూసేవారికి తప్పు బొమ్మ కనిపిస్తుంది.

నోటు అందుకున్నవారు ముందు అసలు బిల్లు నంబరు, తేదీ వెతకాలి. నియమాల్లోని 53వ రూలు వాటిని తప్పనిసరి చేసింది. 2020 నుంచి పోర్టల్‌లో ఆ వివరాలు లేకుండానే నోటు ఎక్కుతోంది కాబట్టి చాలామంది కాగితం మీద కూడా వదిలేస్తున్నారు. అలాంటిది తిప్పి పంపాలి. తర్వాత బిల్లును తమ ఆర్డరుతో పోల్చాలి. తేడా నిజమైతే ఒప్పుకోవాలి. కాకపోతే 2024 అక్టోబరు నుంచి పోర్టల్‌లో ఉన్న ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో నిరాకరించి, కారణం అమ్మినవారికి రాతపూర్వకంగా తెలపాలి. ఆర్డరు, బిల్లు, సరుకు చీటీ మూడింటినీ సరుకు దిగిన రోజే పక్కపక్కన పెట్టి చూసే దుకాణానికి ఈ నోటు అక్టోబరులో రాదు. జూలై 18 సాయంత్రమే ఫోను చేసి 405 ఎందుకు పడిందని అడుగుతుంది.