అంచు మూల చూడండి

పంజాగుట్ట దగ్గర చేనేత ప్రదర్శనలో గోడకి వేలాడదీసిన పెడన కలంకారీ తెర ముందు ఆగాను. నడుమ పూలచెట్టు, కొమ్మల మీద నెమళ్లు, చుట్టూ తీగ అంచు. శ్రీకాళహస్తి వాళ్లు కలంతో కథ గీస్తారు. మచిలీపట్నం, పెడన వాళ్లు టేకు అచ్చులతో అద్దుతారు.

ఇందులో నాకు నచ్చేది కనిపించని పని. గుడ్డని ముందు కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగుని పాకనివ్వదు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన కషాయంతో అద్దితే, కరక్కాయ తగలగానే నలుపు తేలుతుంది. ఎరుపు మాత్రం అప్పుడే రాదు. అచ్చు వేసేది పటిక. రంగు వేర్లు, చెక్కలు వేసి గుడ్డని ఉడకబెట్టినప్పుడే పటిక ఉన్నచోట ఎరుపు పడుతుంది. పటిక సరిగ్గా అద్దకపోతే ఆ లోపం ఉడికాక గానీ బయటపడదు, అప్పటికి దిద్దుకోలేం.

అమీర్‌పేట దుకాణాల్లో కలంకారీ డిజైన్ పేరుతో స్క్రీన్ ప్రింట్లూ దొరుకుతాయి. తేడా తెలియాలంటే అంచు చూడాలి. చేత్తో పక్కపక్కనే అద్దిన అచ్చులు కలిసేచోట సన్నటి గీతో, కాస్త ముదురు మచ్చో ఉంటుంది. మూలలో తీగ ఇరుక్కున్నట్టు తిరుగుతుంది. అన్నీ ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే.

నేను చూసిన తెరకి ఎడమ మూలలో ఒక ఆకు సగమే పడింది. దాన్నే కొన్నాను.