ఒకే అభ్యర్థి, రెండు పరిచయాలు

ఢిల్లీలోని షాజహాన్ రోడ్డులో, ధోల్పూర్ హౌస్‌లో జరిగే సివిల్స్ ఇంటర్వ్యూకు 275 మార్కులు. అభ్యర్థి ఊరు, చదువు, హాబీలు, సర్వీసుల ప్రాధాన్యం అన్నీ అతను ముందే నింపి పంపిన డాఫ్‌లో ఉంటాయి. ఆ వివరాలు బోర్డు ముందే ఉంటాయి. చాలాసార్లు ఛైర్మనే వాటిని చదివి మాట మొదలుపెడతారు. అయినా కొన్ని బోర్డులు “మీ గురించి చెప్పండి” అని అడుగుతాయి. కాగితం మీద ఉన్నదాన్ని మళ్లీ అడగడమెందుకు? ఆ వివరాల్లో దేని గురించి ఈ మనిషి నిజంగా ఆలోచించాడో తెలుసుకోవడానికి.

దీన్ని పరీక్షించడానికి ఒక అభ్యర్థిని ఊహించుకుని, అతని నోట రెండు పరిచయాలు పలికించాను. మనిషి ఒక్కడే, వివరాలూ అవే. మొదటిది కోచింగ్ గదుల్లో తరచుగా వినబడే తీరులో ఉంటుంది.

“మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. ప్రకృతి అందాలకు, కొబ్బరి, జీడి తోటలకు పెట్టింది పేరు. తాగునీటి కాలుష్యం వల్ల ఇక్కడ కిడ్నీ వ్యాధులు ప్రబలాయి. పదో తరగతి, ఇంటర్ మంచి మార్కులతో పాసై, సివిల్ ఇంజనీరింగ్‌ను డిస్టింక్షన్‌లో పూర్తిచేశాను. పక్షుల వీక్షణ నా హాబీ. సైబీరియా నుంచి మా జిల్లాకు వచ్చే వలస పక్షులంటే ఎంతో ఇష్టం. చిన్నప్పటి నుంచీ కలెక్టర్ కావాలన్నది నా కల. అట్టడుగు వర్గాలకు సేవ చేయాలనే తపనతో ఈ రంగాన్ని ఎంచుకున్నాను.”

రెండోది ఇది.

“మాది వజ్రపుకొత్తూరు మండలంలో తోటల ఊరు. నాన్న కొబ్బరి, జీడి రైతు. విశాఖపట్నంలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఉద్దానానికి వంశధార నీళ్లు తేవడం మీద ప్రాజెక్టు చేశాను. చలికాలంలో తేలినీలాపురం వెళ్లి పక్షుల్ని చూస్తుంటాను. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇంటర్ చదువుతున్నాను. పడిపోయిన చెట్లు లెక్కపెట్టే సిబ్బంది వెంట మా ఊరంతా తిరిగాను. కౌలుకు చేసేవాళ్ల పేర్లు చాలావరకు జాబితాలోకి ఎక్కలేదు. ఆ జాబితా తయారయ్యే చోట పనిచేయాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.”

రెండూ నిమిషం లోపే అయిపోతాయి. విడిగా వింటే మొదటిదే గంభీరంగా ఉందనిపిస్తుంది. తేడా తెలియాలంటే ప్రతి వాక్యం తర్వాత బోర్డు వేసే ప్రశ్నను పక్కన పెట్టి చూడాలి.

మొదట ఊరి సంగతి. “తాగునీటి కాలుష్యం వల్ల” అని మొదటి అభ్యర్థి తేల్చేశాడు. “ఏ కాలుష్యం?” అని ఒక సభ్యుడు అడిగితే చాలు, అతను ఇరుక్కుపోతాడు. ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బుకు కారణమేమిటో ఇంతవరకు నిర్ధారణ కాలేదు. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో నీళ్లు తాగకుండా గంటల తరబడి పనిచేయడం, నొప్పి మాత్రల వాడకం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. సొంత ఊరి గురించి పత్రికలో చదివినవాడిలా మాట్లాడితే బోర్డుకు ఇట్టే తెలిసిపోతుంది. రెండో అభ్యర్థి కారణం జోలికి పోలేదు, నీళ్లు తేవడం గురించే చెప్పాడు. “నీళ్లు మారిస్తే జబ్బు తగ్గుతుందా?” అని అడిగినా అతనికి దారి ఉంది. “చెప్పలేను సర్. కారణం ఇంకా తేలలేదు. మంచినీళ్లు ఎలాగూ ఇవ్వాల్సిందే, కానీ దాన్నే వైద్యం అనుకుని పరిశోధన ఆపకూడదు.” తెలియదని ఒప్పుకుంటూనే నిర్ణయం ఎటు ఉండాలో చెప్పగలిగాడు. యూపీఎస్సీ తన ప్రకటనల్లో రాసే సమతూకమైన నిర్ణయశక్తి అంటే ఇలాంటిదేనని నా నమ్మకం.

చదువు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డిస్టింక్షన్ సంగతి కాగితం మీదే ఉంది, ప్రాజెక్టు ఎందుకు చేశాడన్నది మాత్రం అతనే చెప్పాలి.

హాబీ దగ్గర తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి సైబీరియా నుంచి పక్షులు వస్తాయని పత్రికలు రాస్తుంటాయి, మొదటి అభ్యర్థి ఆ మాటనే అప్పజెప్పాడు. అక్కడ గూళ్లు కట్టే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు రెండూ దక్షిణాసియా పక్షులే. ఇక్కడే పుట్టి, ఇక్కడే పిల్లల్ని చేస్తాయి. సైబీరియా నుంచి మనదేశానికి వచ్చే పక్షులు వేరే ఉన్నాయి. ఏటా వెళ్లి చూసేవాడికి ఇది తెలిసి ఉండాలి. తేలినీలాపురం పక్షులు అక్కడే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకోవడమే అవి సైబీరియావి కావనడానికి పెద్ద ఆధారం, ఉత్తరాది నుంచి చలికి వచ్చే పక్షులు గూడు కట్టేది తమ సొంత ప్రాంతంలో. “సైబీరియా పక్షులే కదా?” అని ఛైర్మన్ కావాలనే తప్పుగా అడిగితే, “అందరూ అలాగే అంటారు సర్, కానీ ఇవి అక్కడివి కావు” అని రెండోవాడు మర్యాదగా సరిదిద్దగలడు. పెద్దవాళ్ల మాటను గొంతు పెంచకుండా, తడబడకుండా కాదనగలగడమే నిబ్బరం. అది గొంతు సాధనతో రాదు, విషయం కళ్లారా చూసి ఉంటే వస్తుంది.

ఇక ఈ సర్వీసులోకి ఎందుకన్నది. “సేవ చేయాలనే తపన” అన్నవాడిని “ఉపాధ్యాయుడిగా చేయలేవా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మళ్లీ ఓ పెద్దమాటే జవాబవుతుంది. రెండోవాడు చెప్పింది ఒక జాబితా సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ కొబ్బరి, జీడి చెట్లను కూల్చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది, అందుకే చెట్ల లెక్కలో పేరు ఎక్కడమన్నది రైతుకు అంత పెద్ద విషయం. పట్టా ఎవరి పేరున ఉంటే పరిహారం వాళ్లకు పోతుంది, తోట చేసినవాడు మిగిలిపోతాడు. “కౌలుదారుల కోసం 2019లో చట్టం వచ్చింది కదా?” అని ప్రశ్న రావడం దాదాపు ఖాయం. “వచ్చింది సర్. కార్డు ఇవ్వాలంటే యజమాని సంతకం కావాలన్నారు. హక్కు పోతుందేమోనని చాలామంది యజమానులు సంతకానికి వెనకాడారు” అంటాడు. అక్కడినుంచి సంభాషణ చట్టం మీదికి, అమలు మీదికి దానంతటదే సాగుతుంది.

ఇద్దరి వాక్యాల కట్టుబడిలో ఇంకో తేడా ఉంది. మొదటిది కంఠస్థం చేసింది. మధ్యలో ఛైర్మన్ ఆపితే దారం తెగి, మళ్లీ మొదటినుంచి అందుకోవాలి. రెండోదాంట్లో ఏ వాక్యం దగ్గర ఆగినా పూర్తయినట్టే ఉంటుంది. తెలుగులో ఇంటర్వ్యూ ఇచ్చేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మధ్యలో అనువాదకుడు ఉంటాడు. పొట్టి వాక్యం చెప్పినట్టే సభ్యులకు చేరుతుంది, “తపన” లాంటి మాట అనువాదంలో చప్పబడిపోతుంది.

అలాగని రెండో పరిచయంలో లోపం లేదనను. ఇంజనీరింగ్ అయ్యాక ఇప్పటిదాకా ఏం చేశాడో అందులో లేదు. ఆ ఖాళీని బోర్డు తప్పక అడుగుతుంది, అప్పుడు చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది. ప్రాజెక్టు వాక్యం తర్వాత “ఆ తర్వాత రెండుసార్లు ఈ పరీక్ష రాశాను, మధ్యలో నాన్నకు తోట పనుల్లో సాయం చేశాను” లాంటిది, అతని విషయంలో నిజమైనది ఏదైతే అది, అడగకముందే చెప్పేసి ఉండాల్సింది.