గంట మోగినా కంగారు వద్దు

టెలిప్రింటర్ల రోజుల్లో పత్రికాఫీసులో నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకు ఆ గంట గుర్తుండే ఉంటుంది. పెద్ద వార్త వస్తే ఏజెన్సీ వాళ్లు మిషన్‌కున్న గంట మోగించేవాళ్లు. సిటీ ఎడిషన్ పేజీలు కట్టే వేళ అది మోగితే, డెస్క్‌లో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా లేచేవాళ్లం. కాగితం మీద చూస్తే ఒక్కోసారి అర్థం పర్థం లేని అంకెలు కనిపించేవి. అప్పుడే షిఫ్ట్ ఇన్‌చార్జి అనేవాడు: "ఆగవయ్యా, ముందు పైలైను చదువు."

పైలైను ఎందుకో చెబుతాను. టెలిప్రింటర్‌కు ప్రతి అక్షరమూ ఐదు స్పందనలుగా వస్తుంది. ఐదింటితో 32 కలయికలే సాధ్యం కాబట్టి ఒకే కలయిక ఒక అక్షరానికీ, ఒక అంకెకో గుర్తుకో కూడా పనిచేయాలి. ఏది అచ్చు వేయాలో మిషన్‌కు చెప్పడానికి "ఇక అంకెలు", "ఇక అక్షరాలు" అని రెండు ప్రత్యేక సంకేతాలుంటాయి. లైనులో గరగర వచ్చి రెండోది పోయిందనుకోండి, మిషన్ అంకెల్లోనే ఉండిపోతుంది. వచ్చే మాటలన్నీ అంకెలైపోతాయి.

ఎండాకాలం ఉష్ణోగ్రతల పట్టిక వస్తోందనుకుందాం. ఏజెన్సీ పంపింది ఇదీ:

```
AGRA 41 JAIPUR 42
```

41 తర్వాతి అక్షరాల సంకేతం దారిలో పోయింది. మనకు దిగింది ఇదీ:

```
AGRA 41 -8074 42
```

పైగా గంట కూడా మోగుతుంది! ఎందుకంటే అంతర్జాతీయ కోడ్‌లో అంకెల వరసలో J స్థానం గంటది. A స్థానంలో అడ్డగీత, I కి 8, P కి 0, U కి 7, R కి 4. జైపూర్ ఎండ కాస్తా అర్ధరాత్రి ప్రమాద ఘంటిక అయి కూర్చుంటుంది. పైలైనులో ఊళ్ల పేర్లు, డిగ్రీలు కనిపిస్తే ఇది పట్టిక అని తెలిసిపోతుంది. తర్వాత కీబోర్డు పై వరసను చూసుకుంటే చాలు. QWERTYUIOP అన్న పది అక్షరాలూ వరుసగా 1 నుంచి 0 దాకా అంకెలు. తిరగేసినా ఇదే లెక్క: అంకెల సంకేతం పోతే 1977 అన్నది QOUU అని దిగుతుంది. తుపాను కథనంలో అది కనిపిస్తే, దివిసీమ సంవత్సరమని మనవాళ్లు వెంటనే పోల్చుకోగలరు.

ఈ రకం గజిబిజికి ఒక క్రమం ఉంది. ఆ క్రమం దొరికితే మాట మొత్తం తిరిగి వస్తుంది. భయపడాల్సింది రెండో రకానికి. ఐదు స్పందనల్లో ఒక్కటే తారుమారైతే ఒక్క అక్షరమే మారుతుంది. KILLED లో ఒక L కాస్తా G అయి KIGLED అని వస్తే కన్ను దానంతటదే సరిచేసుకుంటుంది, ఇంగ్లీషులో అలాంటి మాట లేదు కనుక. అంకెకు ఆ రక్షణ లేదు. 1 కీ 2 కీ తేడా ఒక్క స్పందనే. 0 కీ 8 కీ, 5 కీ 9 కీ కూడా అంతే. బస్సు ప్రమాదంలో 12 మంది అన్నది 22 అని దిగితే అది అచ్చంగా నిజం లాగే ఉంటుంది, చూసి పట్టుకునే గుర్తేదీ ఉండదు. తంతి ఆపరేటర్లు సందేశం చివర అంకెలను మరోసారి పంపే పద్ధతి పెట్టుకున్నది ఇందుకే.

కాబట్టి చిందరవందరగా వచ్చిన వార్తలో మాటల్ని కాస్త నమ్మేవాళ్లం, అంకెల్ని అసలు నమ్మేవాళ్లం కాదు. పక్క మాటల్లో తప్పులున్నాయంటే లైను బాగాలేదన్నమాట. అలాంటప్పుడు శుభ్రంగా కనిపించే అంకె మీద కూడా అనుమానం పెట్టుకోవాలి. ఏజెన్సీ లైను మాకు వినిపించేదే గానీ మేం తిరిగి అడగడానికి వీలులేనిది. అందుకని వాళ్ల బ్యూరోకు ఫోన్ చేసేవాళ్లం. ఫోన్‌లో "22 మందేనా?" అని అడగకూడదు. నిద్రమత్తులో ఉన్న మనిషి ఔననేస్తాడు. "ఎంతమంది? మాటల్లో చెప్పండి" అనాలి. అప్పుడు అవతలివాడు తన కాగితం చూసి చదువుతాడు.

ఫోన్ కలవకపోతే, పేజీ వెళ్లే టైమైతే? ప్రమాదం జరిగిందన్న మాట, ఊరి పేరు రెండూ స్పష్టంగా ఉంటే వార్త వేసేవాళ్లం, సంఖ్య మాత్రం వదిలేసి. "పలువురి మృతి" అన్న శీర్షిక చూసి బద్ధకమనుకున్న పాఠకులుంటారు. అందులో కొన్నిటి వెనక రాత్రి ఒంటిగంటకు ఎవరో ఒక అంకెను కొట్టేసి ఉంటారు.